లైకుల లెక్క, ఆర్డర్ల పుస్తకం

2024 డిసెంబర్ ఆఖరి వారంలో అక్క నాకు ఒక వీడియో పంపింది. అరనిమిషం ఉంటుంది. వాళ్ల పిండివంటల దుకాణం పేరు, కింద 2024 అనే అంకెలు, వెనక ఒక సినిమా పాట, టకటకా మారిపోయే తొమ్మిది క్లిప్పులు. నల్గొండలోనే వీడియోలు చేసే ఒక అబ్బాయికి దుకాణం ఇన్‌స్టాగ్రామ్ ఖాతా చూపిస్తే, ఎక్కువ లైకులు వచ్చిన తొమ్మిదింటిని దించుకుని, టెంప్లేట్‌లో వేసి గంటలో ఇచ్చాడట. వీడియో కిందే అక్క వాయిస్ మెసేజ్ ఉంది: "మంచిగనే ఉంది గానీ తమ్మీ, ఇండ్ల మన దుకాణం యాడుంది? ఈ ఏడు మేం పడ్డ కష్టం ఒక్కటన్న కనవడ్తుందా?"

మళ్లీ చూశాను. తొమ్మిదింటిలో మూడు మా మేనల్లుడివి. వాడికి ఆరేళ్లు. వేడి సకినం కొరికి నోరు కాలి ఎగిరిన రీల్‌కు 41 వేల వ్యూస్ వచ్చాయి, అందుకే అది అన్నిటికన్నా ముందుంది. రెండు బతుకమ్మవి, అవి ఇంటి ముందు ఆడినప్పుడు తీసినవి. ఒకటి కొత్త స్కూటీకి చేసిన పూజ. రెండు లడ్డూల ఫొటోలు. దుకాణం పని కనిపించేది ఒక్కటే, సంక్రాంతికి ఆడవాళ్లు కూర్చుని సకినాలు చుట్టే క్లిప్. అది కూడా రెండు సెకన్లే.

అక్క అడిగింది నిజమే అనిపించింది. ఆ వీడియో దుకాణం ఏడాది కాదు. ఆ ఏడాదిలో బయటివాళ్లకు ఏం నచ్చిందో దాని జాబితా. నేను వీడియోలు చేసి బతికేవాడిని కాదు. పదేళ్లుగా ఇంట్లో పెళ్లిళ్లకు, స్కూల్ వార్షికోత్సవాలకు ఎడిట్ చేసిన అలవాటు ఉంది. ఆ అలవాటుతో నేనే కూర్చుని నాలుగు రోజులు పనిచేసి ఇంకోటి చేశాను. ఆ పనిలో నాకు కుదిరిన అభిప్రాయం ఒకటుంది. చిన్న దుకాణానికి ఏడాది వీడియో చేసేటప్పుడు కథను సోషల్ మీడియా నుంచి తీసుకోకూడదు. కథ ఆర్డర్ల పుస్తకంలో ఉంటుంది. సోషల్ మీడియాలో దొరికేవి ఆ కథకు బొమ్మలు మాత్రమే.

అక్క దగ్గర పొడుగాటి నోటు పుస్తకం ఉంది. తేదీ, పేరు, ఏ వంటకం ఎన్ని కిలోలు, అడ్వాన్స్ ఎంత. ఎనిమిదేళ్లుగా అట్లాగే రాస్తుంది. 2024 పుస్తకాన్ని నా పక్కన పెట్టుకున్నాకే పని ముందుకు సాగింది.

ముందు ఫైళ్లు

ఎడిటింగ్ యాప్ తెరవకముందే రెండు రోజులు ఫైళ్లు పోగేయడానికి పట్టింది. అక్క ఫోన్‌లో 812, బావ ఫోన్‌లో 240, కౌంటర్‌లో ఉండే అమ్మాయి ఫోన్‌లో 167. ఇవన్నీ వాట్సాప్‌లో పంపమని అడగలేదు. కేబుల్ పెట్టి లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోతుంది, దానిలోపల దాగి ఉండే తేదీ సమాచారం కూడా పోతుంది. దూరంగా ఉన్నవాళ్లు పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనాలి. అప్పుడు ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నవాటిని స్క్రీన్ రికార్డింగ్ చేసి తీసుకోవడం చాలామంది చేసే పని. ఆ అబ్బాయి కూడా అదే చేసినట్టున్నాడు, ఒక క్లిప్ మూలన బ్యాటరీ గుర్తు కనిపిస్తుంది. అంత అవసరం లేదు. ఖాతా సొంతదారు `Accounts Center` లోకి వెళ్లి, `Your information and permissions` కింద మన సమాచారమంతా దించుకోవడానికి ఇమ్మని అడగొచ్చు. ఏడాది తేదీలు ఇచ్చి, `Media quality` దగ్గర `High` పెట్టాలి. కాసేపటికో, మర్నాటికో లింకు వస్తుంది. అది కొద్ది రోజులే పనిచేస్తుంది కాబట్టి వెంటనే దించుకోవాలి. మాకు అందులో 143 ఫైళ్లు వచ్చాయి, `media/posts/202401` లాంటి ఫోల్డర్లలో నెలల వారీగా సర్ది.

ఇందులో చాలామందికి తెలియని లాభం స్టోరీలు. స్టోరీ 24 గంటల్లో కనిపించకుండా పోతుంది గానీ ఖాతా ఆర్కైవ్‌లో ఉంటుంది, దించుకున్నప్పుడు అవి కూడా వస్తాయి. అక్క ఫోన్ నిండిపోయిందని గ్యాలరీలోంచి తీసేసినవి చాలానే స్టోరీల ఫోల్డర్‌లో దొరికాయి. వాటిలో ఒక ఫొటో గురించి తర్వాత చెప్తాను, ఈ వ్యాసం రాయాలనిపించిందే దానివల్ల.

అన్నీ కలిపి 1,362. ఒకే ఫొటో మూడు చోట్ల ఉంటుంది: ఫోన్‌లో నాలుగు ఎంబీ అసలు ఫొటో, వాట్సాప్‌లో రెండు మూడు వందల కేబీ నకలు, ఇన్‌స్టాగ్రామ్‌లో నాలుగు పక్కలా కోసిన ఇంకోటి. ప్రతిసారీ పెద్దదాన్నే ఉంచాను. దుకాణంతో సంబంధం లేనివి కూడా తీసేస్తే 486 మిగిలాయి.

వాట్సాప్ నకలే దిక్కైనప్పుడు ఒక తేడా గమనించాను. ఫొటో అయితే ఫర్వాలేదు. పొడుగు వైపు సుమారు 1,600 పిక్సెళ్లు ఉంటుంది, నిలువు వీడియోలో వెడల్పు 1,080 చాలు, కాబట్టి దగ్గరికి జూమ్ చేయనంతసేపు బాగానే కనిపిస్తుంది. వీడియో అయితేనే చిక్కు. మూకుడులో నూనె మరిగేచోట, ఆవిరి లేచేచోట చూడాలి. నకలైతే బుడగలు బుడగల్లా కాకుండా చిన్న చిన్న గళ్లలా వణుకుతాయి. ముఖాల మీద ఆ తేడా అంత తెలియదు. పిండివంటల దుకాణం వీడియోలో సగం నూనే కాబట్టి ఇక్కడే ఎక్కువ బయటపడుతుంది.

ఫైళ్లు చెప్పే తేదీలు

486 ఫైళ్లను తేదీల వరుసలో పెడితే సగం పని అయిపోయినట్టే అనుకున్నాను. ఆ తేదీలే తప్పని తెలియడానికి ఒక పూట పట్టింది.

`IMG-20240418-WA0031.jpg` అనే ఫొటో ఉంది. పెళ్లి సారె పళ్లేల్లో అమర్చి, పక్కన పసుపు బట్టల్లో పెళ్లికూతురు. పేరు చూస్తే ఏప్రిల్ 18. పుస్తకం తిప్పితే ఏప్రిల్ 18 దగ్గర అట్లాంటి ఆర్డర్ లేదు. అక్కను అడిగితే చూడగానే గుర్తుపట్టింది: "గది ఫిబ్రవరి పెండ్లి. తిప్పర్తోళ్లది. ఫొటోలు పంపుమని అడుగంగ అడుగంగ ఏప్రిల్‌ల పంపిన్రు." వాట్సాప్ పెట్టే పేరులో ఉండేది ఆ ఫొటో ఈ ఫోన్‌కు చేరిన రోజు. తీసిన రోజు కాదు. పుస్తకంలో ఫిబ్రవరి పేజీలో ఆర్డర్ దొరికింది: గరిజెలు, అరిసెలు, లడ్డూలు, సకినాలు.

ఇన్‌స్టాగ్రామ్ ఫోల్డర్ కూడా అంతే, అది పోస్టు చేసిన నెల. సంక్రాంతి సకినాల ఫొటో ఒకటి అక్టోబర్ ఫోల్డర్‌లో ఉంది. దసరా ఆర్డర్లు మొదలయ్యాయని చెప్పడానికి పాతదాన్నే అక్క మళ్లీ పెట్టింది.

మూడో తప్పు ఇంకా విచిత్రం. ఫోన్లలోంచి తీసిన అసలు ఫైళ్లను తీసిన తేదీ, సమయమే పేరుగా ఉండేలా మార్చడానికి exiftool అనే ఉచిత ప్రోగ్రామ్ వాడాను. ఫొటోలకు ఏ ఇబ్బందీ రాలేదు. వీడియోలు మాత్రం చాలావరకు ఐదున్నర గంటలు వెనక్కి వెళ్లాయి. ఫోన్లు ఎక్కువగా వీడియో ఫైల్లో సమయాన్ని గ్రీనిచ్ లెక్కలో రాస్తాయి, మన సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. పగలు తీసిన క్లిప్పులకు తేదీ మారదు కాబట్టి ఎవరూ గమనించరు. కానీ పిండివంటల పని తెల్లవారుజామునే మొదలవుతుంది. జనవరి 1న 4:20కి మొదటి వాయి వేస్తూ బావ తీసిన క్లిప్ ఫైల్లో 2023 డిసెంబర్ 31, రాత్రి 10:50 అని ఉంది. 2024 ఫైళ్లే ఉంచుదామని నేను వేరు చేసినప్పుడు అది పక్కకు వెళ్లిపోయింది. ఏడాదిలో మొదటి క్లిప్పే పోయింది. పుస్తకంలో జనవరి 1 కింద ఎనిమిది కిలోల సకినాలు రాసి ఉండి, ఒక్క క్లిప్ కూడా లేకపోవడంతో అనుమానం వచ్చి వెతికితే దొరికింది.

లాప్‌టాప్ మన సమయంలో ఉంటే ఈ రెండో వరుస ఆ తేడాను సరిచేస్తుంది. పేర్లు మార్చే ముందు ఫోల్డర్ మొత్తాన్ని ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోవాలి.

```
exiftool "-FileName<DateTimeOriginal" -d "%Y-%m-%d_%H%M%S%%-c.%%e" photos
exiftool -api QuickTimeUTC=1 "-FileName<CreateDate" -d "%Y-%m-%d_%H%M%S%%-c.%%e" videos
```

తేదీల గోల ఎవరికి అవసరం, చూసేవాళ్లకు ఏం తెలుస్తుంది అని మిత్రుడొకరు అడిగాడు. చూసేవాళ్లు ఎవరన్నది బట్టి ఉంటుంది. అక్క వీడియో ముఖ్యంగా చూసేది ఆమె వాట్సాప్ స్టేటస్ చూసే నాలుగు వందల మంది. ఆ తిప్పర్తి పెళ్లికూతురు వాళ్లలో ఒకరు. ఆమె పెళ్లి ఏ నెలలో జరిగిందో ఆమెకు తెలియదా?

పన్నెండు నెలలు సమానం కాదు

టెంప్లేట్లు నెలకింత అని సమానంగా పంచుతాయి. పుస్తకం అట్లా ఉండదు. జనవరిలో పద్నాలుగు పేజీలున్నాయి. మే, జూన్, జులై మూడు నెలలు కలిపితే రెండున్నర పేజీలు.

ఆ ఖాళీకి కారణం నల్గొండలో అందరికీ తెలుసు. 2024లో ఏప్రిల్ ఆఖర్లో శుక్ర మూఢం మొదలైంది, మేలో గురు మూఢం కూడా దానికి తోడైంది, అవి పోయేసరికి ఆషాఢం వచ్చింది. శ్రావణం మొదలైన ఆగస్టు 5 దాకా పెళ్లి ముహూర్తాలు లేవు. పెళ్లిళ్లు లేకపోతే సారె లేదు. సారె లేకపోతే అక్క దుకాణంలో రోజుకు ఒక్క మూకుడు పెట్టినా ఎక్కువే. ఆ నెలల్లో క్లిప్పులు కూడా లేవు, పని లేనిచోట ఎవరు తీస్తారు?

ఇక్కడే నాకు చాలాసేపు సందేహం పట్టుకుంది. ఆ మూడు నెలలను వదిలేసి ఏప్రిల్ నుంచి ఆగస్టుకు దూకితే ఎవరూ అడగరు. వేరే నెలల్లోని లడ్డూల ఫొటోలు తెచ్చి అక్కడ పెడితే నిండుగా కనిపిస్తుంది. బావ ఫోన్‌లో మాత్రం జూన్ నెలది ఒక ఆరు సెకన్ల క్లిప్ ఉంది. పెద్ద మూకుళ్లు నాలుగు కడిగి గోడవారన బోర్లించి ఉన్నాయి. ఒకదానికి పిడి ఊడిపోతే వెల్డింగ్ షాపు ఆయనకు చూపించడానికి తీశాడట. కెమెరా నెమ్మదిగా ఆ నాలుగింటి మీదుగా పోయి పిడి దగ్గర ఆగుతుంది. మే, జూన్, జులై మూడింటికీ కలిపి ఆ క్లిప్ ఒక్కటే నాలుగు సెకన్లు పెట్టాను. పైన నెలల పేర్లు తప్ప ఏమీ రాయలేదు. అంతకుముందు సెకనుకో రెండు సెకన్లకో మారుతూ వచ్చిన వీడియో అక్కడ ఒక్కసారిగా నిలబడుతుంది.

మొత్తం 58 సెకన్లు వచ్చింది. సంక్రాంతికి పద్నాలుగు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఎనిమిది, ఖాళీ నెలలకు నాలుగు, రాఖీ పండుగ, శ్రావణం పెళ్లిళ్లున్న ఆగస్టుకు ఆరు, సెప్టెంబర్‌కు నాలుగు, బతుకమ్మ, దసరా, దీపావళి కలిసొచ్చిన అక్టోబర్‌కు పద్నాలుగు, చివరి రెండు నెలలకు ఆరు, దుకాణం ఫోన్ నంబర్‌కు రెండు. అప్పట్లో నిమిషం దాటకపోతే స్టేటస్‌లో ముక్కలు కాకుండా ఒకటిగా పోయేది, అందుకే ఆ హద్దు. 486లో 31 మాత్రమే వాడాను.

మేనల్లుడి రీల్ కూడా ఉంది, రెండు సెకన్లు. లైకులకు విలువ లేదని నేను అనను. దుకాణానికి వచ్చిన కొత్తవాళ్లు "గా పిల్లగాడు ఏడి?" అని అడుగుతున్నారట. అయితే ఆ 41 వేల మందిలో ఎంతమంది కొంటారని అక్క ఖాతా ఇన్‌సైట్స్ తెరిచి చూశాం. అనుసరించేవాళ్ల ఊళ్ల జాబితాలో నల్గొండ మూడోది. అక్క కొరియర్ చేయదు. సూర్యాపేటకు, మిర్యాలగూడకు బస్సులో డబ్బాలు పంపడమే ఆమెకు దూరం. ఆ జాబితాను బట్టి ఆమె ఏడాదిని కొలవడం న్యాయం కాదు.

నూనె బోర్డు

సెప్టెంబర్ ఫోల్డర్‌లో దొరికిన స్టోరీ ఫొటో ఇది. దుకాణంలో రేట్లు రాసే నల్లబోర్డు. సకినాలు కిలో 320 అని ఉన్నచోట చేత్తో తుడిచి 360 అని రాసి ఉంది. తుడిచిన సుద్ద మరక అట్లాగే ఉంది, కింద పాత అంకె లీలగా కనిపిస్తుంది. ఫొటో మీద అక్క "రేట్లు మారినయ్, అర్థం చేసుకోండ్రి" అని టైప్ చేసింది. 24 గంటలు ఉండి పోయింది. స్టోరీ కాబట్టి లైకుల జాబితాలోకి అది ఎప్పటికీ రాదు.

2024 సెప్టెంబర్ 14 నుంచి కేంద్రం వంటనూనెల దిగుమతి సుంకం పెంచింది. ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద అంతదాకా సున్నా ఉన్న మూల సుంకం 20 శాతమైంది, శుద్ధి చేసిన నూనెల మీద 12.5 నుంచి 32.5 అయింది. నూనెగింజలు పండించే రైతుకు ధర రావాలని చేసిన పని అది, దాని మంచిచెడులు వేరే చర్చ. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది కాబట్టి రేటు వెంటనే పెరిగింది. అక్క వాడేది సన్‌ఫ్లవర్. పదిహేను లీటర్ల డబ్బా మీద ఒక్క వారంలో మూడు వందలకు పైగా పెరిగిందని పుస్తకం వెనక పేజీలో బావ లెక్క రాసి పెట్టాడు. బతుకమ్మ మొదలవడానికి మూడు వారాలు కూడా లేదు. అడ్వాన్సులు పాత రేటు మీద తీసుకున్నారు.

ఆ వారమంతా ఇంట్లో నడిచిన చర్చ నాకు గుర్తుంది. పామాయిల్‌కు మారదామా, కిలోలో యాభై గ్రాములు తగ్గిద్దామా, పాత అడ్వాన్సుల వాళ్లనూ కొత్త రేటు అడుగుదామా? చివరికి అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటుకే ఇచ్చారు. కొత్త ఆర్డర్లకు నలభై పెంచారు. నూనె మార్చలేదు. నా దృష్టిలో 2024లో ఆ దుకాణం చేసిన అతి పెద్ద పని అదే. దానికి మిగిలిన సాక్ష్యం ఈ ఒక్క ఫొటో.

నేను దాన్ని వీడియోలో పెట్టగానే అక్క వద్దంది. "రేటు పెంచినమని మనమే చెప్పుకుంటమా తమ్మీ? సంక్రాంతి ఆర్డర్లు వచ్చే టైమ్ గిది." బావ కూడా ఆమె పక్షమే. వాళ్ల మాటలో బలం ఉంది. ఏడాది వీడియో ఎంతైనా ప్రకటనే, కొనేవాడికి ఖర్చును గుర్తు చేయడం వ్యాపారం తెలిసినవాళ్లు చేసే పని కాదు. పైగా డిసెంబర్ ఆఖరున పెట్టే వీడియో నేరుగా సంక్రాంతి గిరాకీ ముందు పడుతుంది.

నేను చెప్పింది ఇది. ఈ వీడియో చూసేవాళ్లు ఆ నలభై కట్టినవాళ్లే. వాళ్లకు తెలియని సంగతి ఇందులో లేదు. ధర పెరిగిన ఏడాదిని ధర పెరగనట్టు చూపిస్తే, దుకాణం తమతో మాట్లాడుతున్నట్టు వాళ్లకు అనిపించదు. వాదన ఒక పూట సాగింది. చివరికి మధ్యస్తం ఒకటి కుదిరింది. అక్క టైప్ చేసిన మాటలు కనిపించకుండా ఫొటోలో కింది భాగం కోసేశాను. బోర్డు రెండు సెకన్లు, దాని వెనకే అదే నెలలో తీసిన సన్‌ఫ్లవర్ నూనె డబ్బాలు దించుతున్న క్లిప్ రెండు సెకన్లు. పైన "సెప్టెంబర్" అని, డబ్బాల మీద "నూనె మారలేదు" అని మాత్రమే. బోర్డుకు రెండు సెకన్లు తక్కువేమో, అంకె తుడిచిన మరక అందరూ గమనించారో లేదో అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది.

ఎవరి ముఖం

సకినాలు చుట్టడానికి సీజన్‌లో నలుగురు ఆడవాళ్లు వస్తారు. తెల్లబట్ట పరిచి, తడిపిండిని వేళ్ల మధ్య మెలి తిప్పుతూ చుట్టు మీద చుట్టు పెడుతుంటారు. మంచి క్లిప్పులన్నీ వాళ్లవే. నలుగురినీ అడిగాను. ముగ్గురు సరే అన్నారు. నాలుగో ఆమె "చేతులు తియ్యి బిడ్డా, మొకమొద్దు, మా ఊర్ల చూస్తరు" అంది. ఆమె ఉన్న క్లిప్పులను చేతుల దాకే కోశాను. మొదట అది లోటు అనుకున్నాను. తీరా చూస్తే ఆ చేతులున్న మూడు సెకన్లే అందరూ రెండోసారి చూస్తున్నారు, పిండి ఎట్లా మెలి తిరుగుతుందో ముఖం లేనప్పుడే కన్ను గమనిస్తుంది.

తిప్పర్తి పెళ్లికూతురి ఫొటో ఆఖరికి వాడలేదు. ఆమె సరేనంది, అత్తగారింట్లో వద్దన్నారట. సారె పళ్లేలు మాత్రం ఉంచి ఆమెను ఫ్రేమ్ బయట పెట్టాను. వాళ్లే పంపిన ఫొటో కదా, వాడుకుంటే తప్పేంటి అని బావ అన్నాడు. వాళ్లు పంపింది అక్క చూడటానికి. మన దుకాణం వీడియోలో కనిపించడం వేరు. ఒక్క మెసేజ్‌తో అడిగితే తేలిపోయే దానికి తర్వాత మాట పడటం ఎందుకు?

అడ్డం ఫొటోలు, నూనె చప్పుడు

బావ ఫోన్‌ను ఎప్పుడూ అడ్డంగా పట్టుకుంటాడు. వీడియో నిలువుగా ఉండాలి. 16:9 కొలతలో ఉన్న అడ్డం ఫొటోను నిలువు ఫ్రేమ్ నిండేలా కోస్తే దాదాపు మూడో వంతే మిగులుతుంది, పళ్లెం వరుసల్లో ఒక్క పళ్లెం కనిపిస్తుంది. వెనక అదే ఫొటోను మసకగా పెట్టడం టెంప్లేట్లు చేసే పని, అది చూడగానే ఖాళీ నింపినట్టు తెలిసిపోతుంది. చిన్న లెక్క వేస్తే దారి దొరికింది. అడ్డం ఫ్రేమ్‌ను 1,080 వెడల్పుకు తగ్గిస్తే ఎత్తు 608 దాకా వస్తుంది. ఒకదాని కింద ఒకటి మూడు పెడితే 1,824. నిలువు ఫ్రేమ్ ఎత్తు 1,920. మిగిలిన సన్నని పట్టీలో నెల పేరు సరిపోతుంది. అక్టోబర్‌ను అట్లా చేశాను: పైన సద్దుల బతుకమ్మ నాటి నువ్వుల సత్తు, మధ్యలో దసరా డబ్బాలు, కింద దీపావళి మిఠాయిలు. మూడూ ఒకేసారి కదులుతుంటే ఆ నెలలో ఊపిరాడని పని దానంతట అదే తెలుస్తుంది. పట్టీని పైనే పెట్టాలి. రీల్‌గా పెట్టినప్పుడు కింది భాగాన్ని ఖాతా పేరు, బటన్లు కప్పేస్తాయి.

పాట గురించి అక్కకు, నాకు గొడవే రాలేదు. ఆ అబ్బాయి చేసిన వీడియో పెట్టిన మర్నాటికే మూగబోయింది. వ్యాపార ఖాతాలో సినిమా పాట వాడుకునే హక్కు ఉండదు, కొన్నప్పుడు తప్ప. నాకు పాట కన్నా నూనె చప్పుడు కావాలనిపించింది. అయితే 31 క్లిప్పుల చప్పుళ్లను ఉన్నవి ఉన్నట్టు ఉంచితే చెవి తట్టుకోలేదు. ఒకదాంట్లో ఫ్యాను, ఒకదాంట్లో లారీ హారన్, ఒకదాంట్లో టీవీ, రెండేసి సెకన్లకు మారుతూ. దానికి చేసింది ఇంతే: సకినాలు వేగుతున్న ఒక పొడుగాటి క్లిప్ నుంచి చప్పుడు మాత్రం తీసి, మొదటి నుంచి చివరిదాకా కింద పరిచాను. మిగతా అన్నిటి చప్పుడూ దాదాపు తీసేశాను. రెండుచోట్ల మాత్రం పెంచాను, మేనల్లుడి కేకకు, చుట్టేటప్పుడు ఆడవాళ్లు నవ్విన దగ్గర. మూకుళ్లు బోర్లించిన నాలుగు సెకన్లలో కింద పరిచిన నూనె చప్పుడు కూడా ఆపేశాను. సెప్టెంబర్ బోర్డు మీద మళ్లీ మొదలవుతుంది అనుకున్నాను మొదట. కాదు, శ్రావణంలోనే మొదలవ్వాలి, పని మొదలైంది అప్పుడే కదా. ఆగస్టు బొమ్మ రావడానికి అరసెకను ముందే చప్పుడు వినిపించేలా జరిపాను.

వీడియో డిసెంబర్ 31 సాయంత్రం స్టేటస్‌లో పెట్టారు. రీల్‌గా పెట్టినదానికి మేనల్లుడి రీల్‌కు వచ్చిన దాంట్లో పదో వంతు వ్యూస్ కూడా రాలేదు. స్టేటస్‌కు మాత్రం అక్క ఫోన్‌లో జవాబులు వచ్చాయి. చాలామంది తమ ఆర్డర్ ఏదో గుర్తుపట్టి రాశారు. ఇద్దరు ఆ బోర్లించిన మూకుళ్లేంటని అడిగారు. రేటు గురించి ఒక్కరే రాశారు, అడ్వాన్స్ ఇచ్చిన తమకు పాత రేటుకే ఇచ్చారని.

సంక్రాంతి సెలవులకు వెళ్లినప్పుడు కౌంటర్ మీద కొత్త పుస్తకం కనిపించింది. 2025 జనవరి పేజీల్లో కొన్ని ఆర్డర్ల పక్కన ఎర్ర పెన్నుతో చిన్నగా "వీ" అని రాసి ఉంది. ఏంటని అడిగాను. "వీడియో తీసినం అని గుర్తు. గది లేని పేజీలు ఎక్కువైతే నీ బావను తియ్యుమంటున్న" అంది అక్క.